ఎనిమిది అండాలు, ఒక సాక్ష్యం

మా మేనకోడలు కాఫీ తాగదు. రుచి చూస్తుంది. అరకులో కాఫీ రైతుల సంఘం వాళ్ల గదిలో బల్ల నిండా గిన్నెలు పరుచుకుని, చెంచాతో జుర్రున పీల్చి, నోట్లో తిప్పి, పక్కనున్న డబ్బాలో ఉమ్మేసి, ఇందులో నారింజ తొక్క వాసన ఉంది, ఇందులో తడిసిన గోనె వాసన ఉంది అని తేల్చి చెబుతుంది. ఆ పనికి జీతం కూడా ఇస్తారు. మొదటిసారి చూసినప్పుడు "అంత మంచి కాఫీ ఉమ్మీసినావేటే, పాపం కాదా?" అని గట్టిగానే కేకలేశాను. అక్కడున్న పెద్దమనుషులంతా నవ్వారు. అది మాత్రం నవ్వకుండా ఇంకో గిన్నె దగ్గరికి జరిగింది.

ఆ పట్టుదల మా ఇంటి ఆడవాళ్లందరికీ ఉన్నదే. నేను ఏజెన్సీ ఆసుపత్రుల్లో నర్సుగా పని చేసి రిటైరయ్యాను. నా నోటికి డాక్టర్లు కూడా జడిసేవారని చెప్పుకుంటారు. చెప్పుకోనీ. మా తమ్ముడు పోయాక, ఈ పిల్లా, వాళ్లమ్మా, నేనూ ఒక్క పెరట్లో రెండిళ్లలో బతుకుతున్నాం. పిల్ల తల్లి నాకు మరదలు. ఆవిడ నోరు చిన్నది, ప్రార్థన పెద్దది. మొదలుపెడితే అన్నం చల్లారిపోవాల్సిందే.

పిల్లకి ముప్పై నాలుగో ఏట కర్ణాటక కాఫీ తోటల వైపు మంచి ఉద్యోగం వచ్చింది. మూడేళ్లు అక్కడుండి, కొత్తవాళ్లకి రుచి చూడటం నేర్పాలి. తిరిగి వస్తే అరకులో ఆ గదంతా దాని చేతికే వస్తుంది. అది ఎగిరి గంతేసింది. వాళ్లమ్మ మాత్రం మంచం పట్టినంత పని చేసింది.

"మూడేళ్లంటే ముప్పై ఏడొచ్చేత్తాయి. అప్పుడు కంటావేటే?" అంది.

మా కొండల్లో పెళ్లి కాలేదని ఎవరూ ఎవరినీ కాల్చుకు తినరు. మనసు కలిసినవాళ్లు కలిసి ఉంటారు, బిడ్డ పుడుతుంది, చేతిలో డబ్బులు ఆడినప్పుడు పెళ్లి విందు పెడతారు. తల్లీతండ్రుల పెళ్లిలో పిల్లలు మా కొండ నాట్యం డింసా ఆడటం నేను ఎన్నోసార్లు చూశాను. చర్చికి వెళ్లే మా మరదలు పైకి ఒప్పుకోదు గాని, లోపల ఆవిడా కొండమనిషే. ఒకరోజు చుట్టూ చూసి, చర్చివాళ్లెవరూ లేరని రూఢి చేసుకుని, "పెళ్లి తరవాతైనా సేసుకో, ముందు ఒక గుంటనో గుంటడినో కనీసి ఎల్లు" అనేసింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. పిల్లకి నవ్వు రాలేదు. దాని జీవితంలో అంతకు ముందు ఒకడున్నాడు. వాడి గురించి రాస్తే కాగితం దండగ.

అప్పుడు చెప్పింది అది, అండాలు గడ్డకట్టించి దాచుకునే పద్ధతి ఒకటుందని. నిజం చెప్పాలంటే నాకూ సరిగా తెలియదు. కుటుంబ నియంత్రణ గురించి అడగండి, నిద్రలో లేపినా చెబుతాను. ఇది మా రోజుల్లో లేదు. నిజానిజాలు చూద్దామని ఇద్దరం విశాఖపట్నం బస్సెక్కాం. ఘాట్ మలుపుల్లో ఎప్పటిలాగే నాకు వాంతులు, దానికి నిద్ర.

అక్కడి డాక్టరమ్మ ఓపిక గల మనిషి. రక్తం పరీక్ష చేయించి, స్కాన్‌లో అండాశయాలు చూసి, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఆడపిల్ల పుట్టినప్పుడే తన అండాలన్నీ వెంట తెచ్చుకుంటుందట. కొత్తవి తయారు కావు. నెలనెలా కొన్ని పెరగడం మొదలుపెడతాయి, ఒక్కటి పండుతుంది, మిగతావి వాడిపోతాయి. ఇంజెక్షన్లు ఆ వాడిపోయేవాటిని కూడా పెంచుతాయి. అంతేగాని రేపటి వాటిని ఈరోజే తోడేయవు. అవి పండాక సూదితో బయటికి తీసి, మంచు పలుకులు కట్టే వ్యవధి ఇవ్వకుండా ఒక్కసారిగా గడ్డకట్టించి, ద్రవ నైట్రోజన్‌లో ఉంచుతారు. మన దేశంలో చట్టం ప్రకారం మామూలుగా పదేళ్లు ఉంచుకోవచ్చు.

"అయితే పదేళ్లదాకా బెంగ లేదన్నమాట" అన్నాను.

"బెంగ ఉంటుందమ్మా" అంది డాక్టరమ్మ. "అండం వయసు ఆగుతుంది. ఆవిడ వయసు ఆగదు. నలభై దాటి గర్భం మోస్తే బీపీ, షుగరు లాంటి ఇబ్బందులు ఎక్కువ. ఇక అండాలంటారా, కరిగించినప్పుడు కొన్ని పాడైపోతాయి. బతికినవాటిలోకి వీర్యకణాన్ని సూదితో పంపితే, కొన్ని ఫలదీకరణం చెందవు. చెందినవాటిలో కొన్ని రెండు మూడు రోజులకే ఎదగడం ఆపేస్తాయి. గర్భసంచిలో పెట్టినది నిలవకపోవచ్చు. నిలిచినా జారిపోవచ్చు. నేను మీకు బిడ్డను దాచిపెట్టడం లేదు. తర్వాత ఒక ప్రయత్నం చేసుకునే వీలు దాస్తున్నాను."

నాకు కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు. ఇన్ని వడపోతలు పెట్టిన శరీరం మీద.

పిల్ల అడిగింది, "నా పరీక్షలు ఎలా ఉన్నాయండీ?"

"మీ వయసుకి నిల్వ కొంచెం తక్కువగానే ఉంది. కాబట్టి దాచుకునేటట్టయితే ఇప్పుడే దాచుకోవడం మేలు. ఒక విడతలో ఎక్కువ రాకపోతే రెండోసారి చేద్దాం. లేదూ ఆగడం ఎందుకనుకుంటే, అదీ ఆలోచించుకోండి. నేను తొందర పెట్టను."

తిరుగు బస్సులో అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. శివలింగపురం దాటాక, "నాను ఎల్తానత్తా. దాసుకునే ఎల్తాను. కాకపోతే అమ్మకి ఈ వడపోతలన్నీ సెప్పకు. ఇంటే ఒగ్గదు" అంది. నేను మాట ఇవ్వలేదు, కాదనీ అనలేదు.

తర్వాతి నెల రుతుస్రావం మొదలవగానే ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. మొదటి కొన్ని రోజులు ఇంట్లోనే వేసుకోవచ్చన్నారు. రోజూ సాయంత్రం ఒకే వేళకి, బొడ్డుకి కాస్త పక్కగా, చర్మం రెండు వేళ్లతో పట్టి వెయ్యాలి. వేసేది నేను. జీవితమంతా ఊళ్లో పిల్లల తొడలకి పొడిచినదాన్ని, నా బిడ్డ లాంటిదాని కడుపు మీద సూది పెట్టడానికి మూడుసార్లు చోటు మార్చాను. "అత్తా, రిటైరైపోయావు మరి" అని ఎగతాళి చేసింది. ఆ రోషంతో పొడిచేశాను.

మా మరదలి సంబరం చూడాలి. పెన్నుల్లా ఉండే ఆ మందు సూదులు ఫ్రిజ్ తలుపులో పెట్టమన్నానో లేదో, ఫ్రిజ్‌లోంచి ఎండుచేపలు, రాత్రి అంబలి కుండ, అన్నీ బయట పెట్టేసింది. ఫ్రిజ్ మీద చెయ్యి వేసి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్రార్థన. "ఒలే, అది మందు. బలిపీఠం కాదు" అన్నాను. "నీకేటి తెలుసొదినా, మందుకి బలమిచ్చేది ఆయనే" అంది. సూది వేసే వేళకి తను ముఖం గోడ వైపు తిప్పుకుని, పిల్ల చెయ్యి మాత్రం వదలకుండా పట్టుకునేది. నొప్పి ఎవరికో తెలియనట్టు "అబ్బా" అనేది మాత్రం తనే.

పిల్ల కడుపు ఉబ్బింది. ప్యాంట్లు పట్టక వాళ్లమ్మ నైటీల్లో తిరిగింది. చీటికీ మాటికీ చిరాకు. పనికి వెళ్లి రుచి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయని ఇంటికొచ్చి ఏడ్చింది. మందు వల్లో, బెంగ వల్లో మాకెవరికీ తెలియదు. మరదలు మాత్రం రెండు చేతులూ దాని చెంపలకి ఆనించి, "నోరెక్కడికీ పోదే. ఏడుపు పోతే రుచొత్తాది" అంది. అది నిజమే అయింది.

తర్వాత ముగ్గురం విశాఖలో గది తీసుకున్నాం. ఒకటి రెండు రోజులకోసారి స్కాను. అండాలు ముందే విడుదలైపోకుండా రెండో ఇంజెక్షన్ కూడా కలిపారు. అవి తగినంత పెరిగాక, పండించే ఆఖరి సూది ఫలానా గంటకే వెయ్యాలని, నిమిషాలతో సహా చెప్పారు. అది వేశాక ముప్పై ఆరు గంటల దగ్గర తియ్యాలట. ముందు తీస్తే పచ్చివి, ఆలస్యమైతే జారిపోతాయి. వాళ్లు చెప్పిన నిమిషానికి, ఒక్కసారికే ఆ సూది వేశాను.

తీసే రోజు పిల్లకి మత్తిచ్చారు. స్కాన్‌లో చూస్తూ లోపలి నుంచే సూదితో తీస్తారు, కోత ఉండదు. బయట హాల్లో మా మరదలు బైబిలు తెరిచి, ఒకే పేజీ చూస్తూ కూర్చుంది. ఎంతోసేపు పట్టలేదు. నన్ను లోపలికి పిలిచారు. పిల్ల మగతగా కళ్లు తెరిచింది. డాక్టరమ్మ చెప్పింది, పదకొండు వచ్చాయి, అందులో పక్వానికి వచ్చినవి ఎనిమిది, ఆ ఎనిమిదే గడ్డకట్టించారు. మిగిలిన మూడూ పచ్చివి, పనికిరావు.

"ఎనిమిదితో ఒక బిడ్డ పుడుతుందని చెప్పగలరా?" అని అడిగాను.

"చెప్పలేనమ్మా. పుట్టొచ్చు. పుట్టకపోవచ్చు కూడా. ఇంకో విడత చేస్తే ఆశ కొంత పెరుగుతుంది."

ఇంకో విడతకి పిల్ల దగ్గర సమయం లేదు. ఉద్యోగంలో చేరాల్సిన వారం దగ్గర పడింది. మరదల్ని లోపలికి రానిచ్చారు. "ఎన్నే?" అంది వచ్చీ రాగానే.

"ఎనిమిదమ్మా."

ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది. కళ్లమ్మట నీళ్లు. "ఎనిమిదే! స్తోత్రం తండ్రీ, ఎనిమిది!" అంటూ పిల్ల నుదురు ముద్దు పెట్టుకుంది. నేను నోరు తెరిచాను. దుప్పటి కింద నుంచి పిల్ల నా వేలు గట్టిగా పట్టుకుంది. ఆ మగతలో కూడా అంత బలం ఎక్కడ నుంచి వచ్చిందో. మత్తు దిగాక బాత్రూంలోకి తీసుకెళ్లి మాటలతో కడిగేశాను. "అబద్ధం సెప్పడం వేరు, నిజం దాసీడం వేరా?" అన్నాను. "మూడేళ్లు అమ్మ బెంగెట్టుకుని సావకుండా ఉంతాదత్తా" అంది. గొణుక్కుంటూనే దాన్ని చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి నడిపించాను.

ఇంటికొచ్చాక మరదలు వీధిలోకి వెళ్లి పోచికోలు కబుర్లు చెప్పే మనిషి కాదు గనక, విషయం మా పెరడు దాటదనుకున్నాను. ఆదివారం ఒకటుందన్న సంగతి మర్చిపోయాను.

మా చర్చి చిన్నది. రేకుల కప్పు. వాన పడితే అయ్యగారి ప్రసంగం వినబడదు, అదొక మేలు. ఆరోజు వాన పడలేదు. పాటలయ్యాక సాక్ష్యాల వేళ వచ్చింది. జ్వరం తగ్గినవాళ్లు, ఆవు దొరికినవాళ్లు లేచి చెప్పారు. అప్పుడు చాపల మీద మా పక్క నుంచి మా మరదలు లేచింది. పదిమందిలో ఎప్పుడూ గొంతు విప్పని మనిషి.

"దేవుడు నాకు సేసిన మేలు సెప్తాను" అంది. "నా గుంట దూరమెల్తన్నాది. పిల్లల్లేకుండా ఎల్లిపోతాదని ఏడిసాను. మరి ఆయన ఇన్నాడు. విశాపట్నంలో దాని గుడ్లు తీసి మంచులో పెట్టారు. ఎనిమిది! నాకు ఎనమండుగురు మనవలు దాసి ఉన్నారు. అది ఎప్పుడు గావాలంటే అప్పుడొత్తారు."

చప్పట్లు. హల్లెలూయాలు. ముందు వరసలో ముసలమ్మ ఒకామె "మగోల్లెందరు, ఆడోల్లెందరు?" అని కేకేసి అడిగింది. నేను తల వంచుకుని చీర కుచ్చిళ్లు సర్దుకోవడం మొదలుపెట్టాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు గాని, మా మరదలు ఏకంగా ఎనమండుగురికి సాక్ష్యం చెప్పేసింది. అయ్యగారు కూడా ముచ్చటపడి, ఆ ఎనిమిది మంది పిల్లల కోసం ప్రార్థన చేద్దామన్నారు.

అంతవరకూ నవ్వుకునేదే. మా వెనక ఒక టీచరమ్మ కూర్చుంది. ముప్పై ఎనిమిదేళ్లది, పెళ్లయి ఎన్నో ఏళ్లు కాలేదు. ముందుకి వంగి పిల్ల చెవిలో, "అయితే తొందరేటీ నేదన్నమాట. నానూ దాసీసుకుని, ఇల్లు కట్టడం అయ్యాక సూసుకుంటాను" అంది. ఎంత తేలిగ్గా అందంటే, ఎన్నాళ్లనుంచో మోస్తున్న బరువు దింపుకున్నట్టే ఉంది.

పిల్ల నా వైపు చూసింది. అది లేచి నిలబడింది.

"అయ్యగారూ, నానూ ఒక మాట సెప్పాల" అంది. "అవి పిల్లలు కావండి. అండాలు. ఎనిమిదిలో కొన్ని కరిగించినప్పుడే పోతాయి. మిగిలినవాట్లో కొన్ని కలవవు. కలిసినా ఎదగవు. కడుపులో పెట్టినా నిలవకపోవచ్చు. ఎనిమిదీ పోయి, ఒక్కరు కూడా పుట్టకపోవచ్చు. డాక్టరమ్మ నాకు ఇయన్నీ ముందే సెప్పారు. మా అమ్మకి నానే సెప్పనేదు." ఆగి, టీచరమ్మ వైపు తిరిగింది. "ఇది సిన్న వయసులో సేసుకుంటేనే ఆశ ఎక్కువ. వయసు మీద పడ్డాక తీసినవి దాసినా అంత పనికిరావు. అక్కా, నువ్వు ఆగకు. కావాలనుకుంటే బేగి డాక్టర్ని కలువు."

టీచరమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు ఏం చెయ్యాలో తోచక పాట ఎత్తుకున్నారు, అదీ శృతి తప్పి. నేను మరదలి వైపు చూశాను. ఆవిడ పాట పాడుతోంది. అందరికంటే గట్టిగా.

ఇంటి దాకా ఆవిడ ముందు నడిచింది, మేమిద్దరం వెనక. పిల్ల చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది. వాళ్లమ్మ వద్దంటే అది ఉద్యోగానికి వెళ్లదు, అది నాకు తెలుసు. నేను పొమ్మన్నా, లోకమంతా పొమ్మన్నా తల్లిని ఏడిపించి బస్సెక్కదు. మూడేళ్ల పని, ఆ గది, దాని నాలుక, అన్నీ ఆ ముందు నడుస్తున్న మనిషి చేతిలో ఉన్నాయి.

మరదలు మాకు అన్నం పెట్టింది. తను తినలేదు. వసారాలో కత్తిపీట వేసుకుని, కూరకని అడవి నుంచి తెచ్చిన లేత వెదురు కొమ్ముల పొట్టు వలవడం మొదలుపెట్టింది. పిల్ల వెళ్లి ఎదురుగా గచ్చు మీద కూర్చుంది.

"అమ్మా, కోపమొచ్చిందేటి?"

పొట్టు పడుతూనే ఉంది.

"నీకు ముందే సెప్పాల్సింది. నన్ను ఒగ్గవని జడిసీసాను. నువ్వొద్దంటే ఎల్లనమ్మా. రేపే రానని సెప్పెత్తాను."

మరదలు కత్తిపీట పక్కకి జరిపింది. చేతులు పైటకి తుడుచుకుంది. అప్పుడు ఆవిడా నేనూ ఎన్నడూ ఎత్తని మాట ఎత్తింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆవిడ నోట నేను వినలేదు, కూతురూ వినలేదు.

"నాను నలుగుర్ని కన్నాను" అంది. "నీ ముందర ముగ్గురు. పెద్దది ఆడగుంట, పాలు తాగింది, నవ్వింది. తరవాతోడు మూడు రోజులు. ఆ తరవాతోడు ఏడవనే నేదు. మీ అత్తే కడిగింది ఆడ్ని, అడుగు. కడుపులో మోసి, పురుడోసుకుని, సేతుల్లోకి తీసుకున్నోల్లే ఉండనేదు. సీసాలో పెట్టినవన్నీ ఉంతాయని నాననుకుంతానేటే?"

పిల్ల నా వైపు తిరిగింది. అవునని తలూపాను.

"మరి చర్చిలో అలా ఎందుకు సెప్పావమ్మా?"

"ఎనిమిదని ఇన్నాను. ఒక్క వారం, అందరూ ఉన్నారనుకుందామనిపించింది. నా బతుక్కి ఎప్పుడూ అందరూ నేరు. అంతే. నవ్వుకుంతే నవ్వుకోనీ."

నేను మా మరదల్ని చాలాసార్లు విసుక్కున్నాను, ప్రార్థనల మీద జోకులేశాను, అమాయకురాలని పదిమందిలో అన్నాను. ఆ క్షణంలో మాత్రం లేచి వెళ్లి గట్టిగా పట్టుకోవాలనిపించింది. మా ఇళ్లలో అలాంటి అలవాటు లేదు గనక కూర్చున్నచోటే కూర్చుని ముక్కు చీదుకున్నాను.

పిల్ల పాకుతూ వెళ్లి వాళ్లమ్మ ఒళ్లో తల పెట్టింది. ఆవిడ వెదురు పొట్టు అంటిన వేళ్లతోనే దాని జుట్టు చిక్కు తీసింది.

"ఎప్పుడెల్లాల?"

"సోమారం."

"ఎల్లు" అంది. "ఎనిమిదిలో ఒకటి మిగిల్తే మిగిలింది. నేకపోతే నేదు. నలుగుర్లో నువ్వు మిగిలావు. నాకదే సాలు."